కన్స్యూమర్ మధ్యలో క్రాష్ అయితే మెసేజ్ ఏమవుతుంది: రాబిట్‌ఎంక్యూ, ఎస్‌క్యూఎస్, కాఫ్కా, పోస్ట్‌గ్రెస్‌లలో ఏది ఎప్పుడు

మెసేజ్ క్యూ ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట చూసేది సెకనుకు ఎన్ని మెసేజ్‌లు మోయగలదన్న అంకె. రోజుకు కొన్ని వేల ఆర్డర్లో పేమెంట్లో నడిచే అప్లికేషన్‌కు ఆ అంకె ఎప్పుడూ అడ్డు రాదు. అలాంటి అప్లికేషన్‌ను నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే సంగతి. మెసేజ్ తీసుకున్న కన్స్యూమర్ పని సగంలో ఉండగా ఆగిపోతే, అది ఆగిపోయిందని క్యూకు ఎలా తెలుస్తుంది, ఎంతసేపటికి తెలుస్తుంది, తెలిశాక ఏది వెనక్కి వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు ఒక్కో క్యూ ఒక్కో జవాబు ఇస్తుంది. క్యూల మధ్య ఎంపికకు ఈ జవాబులే ఆధారం కావాలని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ నాలుగు మార్గాలను ఆ ఒక్క కోణం నుంచి పోల్చి చూస్తున్నాను.

## క్యూ దేన్ని దేన్నుంచి విడదీస్తుంది

ఒక కాలేజీ ఫీజు పోర్టల్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. విద్యార్థి తండ్రి ఆన్‌లైన్‌లో 42,500 రూపాయలు కట్టగానే మూడు పనులు జరగాలి: డేటాబేస్‌లో రసీదు నమోదు కావాలి, రసీదు పీడీఎఫ్ తయారవ్వాలి, ఆయన ఫోన్‌కు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఈ మూడింటినీ పేమెంట్ రిక్వెస్ట్‌లోనే వరుసగా చేయిస్తే, ఎస్సెమ్మెస్ గేట్‌వే 20 సెకన్లు జవాబివ్వని రోజున పేమెంట్ పేజీ కూడా 20 సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. డబ్బు కట్టిన మనిషి కంగారుపడి మళ్లీ బటన్ నొక్కుతాడు. ఎస్సెమ్మెస్ గేట్‌వేకూ ఫీజు వసూలుకూ ఏ సంబంధమూ లేకపోయినా, మనం రాసిన కోడ్ ఆ రెండింటినీ ఒకే తాడుకు కట్టేసింది.

క్యూ ఉన్నప్పుడు పోర్టల్ చేసేది చాలా తక్కువ. `P-20417` అన్న పేమెంట్ నంబరుతో ఒక చిన్న మెసేజ్‌ను క్యూలో వేస్తుంది, క్యూను నడిపే సర్వర్, అంటే బ్రోకర్, దాన్ని భద్రంగా తీసుకున్నానని చెప్పగానే పేజీని ముగిస్తుంది. రసీదు పని చేసే కన్స్యూమర్ ఆ క్షణంలో నడుస్తూ ఉండనక్కరలేదు, కొత్త వెర్షన్ ఎక్కించడానికి ఆపి ఉన్నా సరే. ఫీజుకు చివరి తేదీ సాయంత్రం నిమిషానికి 600 పేమెంట్లు వచ్చినా కన్స్యూమర్ తన వేగంతో నిమిషానికి 100 చొప్పునే చేసుకుంటూ పోవచ్చు. మిగిలినవి క్యూలో ఆగుతాయి, పోర్టల్‌కు ఆ ఒత్తిడి తగలదు. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ మెమరీ అంతా మింగి కన్స్యూమర్‌ను పడగొట్టినా ఫీజు వసూలు ఆగదు.

అయితే ఈ విడదీతలో ఒక సందు ఉంది, దాన్ని ముందే చెప్పుకోవాలి. పోర్టల్ పేమెంట్‌ను తన డేటాబేస్‌లో కమిట్ చేసి, మెసేజ్ పంపేలోపే తాను పడిపోతే, ఆ పేమెంట్‌కు మెసేజ్ ఎప్పటికీ ఉండదు. మెసేజ్‌ను కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఒక ఔట్‌బాక్స్ టేబుల్‌లో రాసి, వేరే ప్రాసెస్ ఆ టేబుల్ నుంచి క్యూలోకి తరలించడం దీనికి స్థిరపడిన పరిష్కారం. ఈ సందు ఏ క్యూ ఎంచుకున్నా ఉండేదే, పోస్ట్‌గ్రెస్‌నే క్యూగా వాడిన సందర్భంలో తప్ప.

## ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టి

కన్స్యూమర్ చేసే పని వరుస ఇది: మెసేజ్ తీసుకోవడం, రసీదు నమోదు, పీడీఎఫ్, ఎస్సెమ్మెస్, చివరగా పని ముగిసిందని క్యూకు చెప్పడం. ఈ చివరి మాటనే యాక్ అంటాం. రసీదు నమోదుకు ముందే ఆగిపోతే నష్టం లేదు, మెసేజ్ తిరిగొస్తే చాలు. నమోదు తర్వాత, పీడీఎఫ్ తయారవుతుండగా ఆగితే సగం పని మిగులుతుంది. ఎస్సెమ్మెస్ వెళ్లిపోయి, యాక్ వెళ్లేలోపు ఆగితే పని మొత్తం అయిపోయింది, కానీ క్యూకు ఆ సంగతి తెలియదు. క్యూ దృష్టిలో ఈ మూడు స్థితులకూ తేడా లేదు. దానికి తెలిసేది యాక్ వచ్చిందా లేదా అన్నది ఒక్కటే.

కాబట్టి యాక్‌ను పనికి ముందు పంపితే కొన్ని మెసేజ్‌లు పోతాయి, పని తర్వాత పంపితే కొన్ని రెండుసార్లు వస్తాయి. మూడో మార్గాన్ని ఏ బ్రోకరూ ఇవ్వలేదు. ఎందుకంటే ఎస్సెమ్మెస్ గేట్‌వే బ్రోకర్ చేతిలో లేదు. కాఫ్కాలో ట్రాన్సాక్షన్ల ద్వారా ‘సరిగ్గా ఒక్కసారి’ అన్న హామీ ఉన్న మాట నిజమే, కానీ అది కాఫ్కా నుంచి చదివి తిరిగి కాఫ్కాలోకే రాసే పనికి వర్తిస్తుంది, బయటికి వెళ్లే ఎస్సెమ్మెస్‌కు కాదు. రసీదు లాంటి పనికి పోవడం కంటే రెండుసార్లు రావడమే మేలు. ఇక్కడి నుంచి యాక్ పని తర్వాతే వెళ్తుందని అనుకుని మాట్లాడుకుందాం.

క్రాష్ అనగానే కోడ్‌లోని తప్పే గుర్తొస్తుంది గాని, కన్స్యూమర్ మధ్యలో ఆగిపోవడానికి చాలాచోట్ల తరచుగా కనిపించే కారణం కొత్త వెర్షన్ ఎక్కించడమే. కుబర్నెటీస్ పాత కంటెయినర్‌కు ముందు SIGTERM పంపి, మార్చకపోతే 30 సెకన్లు ఆగి, ఆపైన SIGKILL పంపుతుంది. SIGTERM అందగానే కొత్త మెసేజ్‌లు తీసుకోవడం మానేసి చేతిలో ఉన్నది ముగించేలా కోడ్ రాయకపోతే, ప్రతి డిప్లాయ్‌మెంటూ ఒక క్రాష్‌తో సమానం. మెమరీ మించిపోయి పడిన కంటెయినర్‌ను ఎగ్జిట్ కోడ్ 137తో పాటు `OOMKilled` అన్న కారణం చూసి గుర్తుపట్టవచ్చు, SIGKILL అందుకున్న ఏ కంటెయినర్‌కైనా 137 వస్తుంది కాబట్టి.

## రాబిట్‌ఎంక్యూ: కనెక్షన్ తెగితే తెలుస్తుంది

రాబిట్‌ఎంక్యూ ఒక మెసేజ్‌ను కన్స్యూమర్‌కు ఇచ్చాక దాన్ని క్యూలోంచి తీసేయదు, యాక్ రాని మెసేజ్‌గా గుర్తు పెట్టుకుంటుంది. ఆ కన్స్యూమర్ కనెక్షన్ లేదా ఛానెల్ మూసుకుపోగానే, దాని దగ్గరున్న యాక్ రాని మెసేజ్‌లన్నింటినీ తిరిగి క్యూలో పెట్టి, `redelivered` గుర్తుతో మరో కన్స్యూమర్‌కు ఇస్తుంది. ప్రాసెస్‌ను `kill -9` చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ సాకెట్‌ను మూసేస్తుంది కాబట్టి ఇదంతా దాదాపు వెంటనే జరిగిపోతుంది. ఈ వేగమే రాబిట్‌ఎంక్యూకు పెద్ద బలం. పని 2 సెకన్లదైనా 10 నిమిషాలదైనా, ఎంతసేపు పడుతుందో మీరు ముందుగా చెప్పనక్కరలేదు.

మెషీన్ కరెంటు పోయినా, నెట్‌వర్క్ కేబుల్ ఊడినా సాకెట్ మూసిన కబురు రాదు. అప్పుడు ఇంకా బతికే ఉన్నామని రెండు వైపులా అప్పుడప్పుడూ పంపుకునే హార్ట్‌బీట్ ఆధారం. సర్వర్ సూచించే డిఫాల్ట్ విలువ 60 సెకన్లు కాబట్టి, కన్స్యూమర్ లేదని తేలడానికి నిమిషం పైచిలుకు పట్టవచ్చు. ప్రాసెస్ బతికే ఉండి డెడ్‌లాక్‌లో ఇరుక్కుపోతే పరిస్థితి ఇంకా చిక్కు. చాలా లైబ్రరీల్లో హార్ట్‌బీట్‌ను వేరే త్రెడ్ పంపుతూ ఉంటుంది కాబట్టి బ్రోకర్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే `consumer_timeout` అన్న హద్దు పెట్టారు. డిఫాల్ట్‌గా 30 నిమిషాల్లో యాక్ రాకపోతే బ్రోకరే ఆ ఛానెల్‌ను మూసేసి మెసేజ్‌ను వెనక్కి తీసుకుంటుంది.

దీనికి తలకిందులైన ఇబ్బంది పైథాన్ వాడేవారికి ఎదురవుతుంది. పైకా లైబ్రరీలోని `BlockingConnection` కాల్‌బ్యాక్ నడుస్తున్నంతసేపూ హార్ట్‌బీట్ పంపదు. పీడీఎఫ్ పని కొన్ని నిమిషాలు సాగితే బ్రోకర్ కన్స్యూమర్ పోయిందనుకుని కనెక్షన్ తెంచేస్తుంది, మెసేజ్ మరొకరికి వెళ్తుంది. మొదటి కన్స్యూమర్ మాత్రం పని చక్కగా ముగించి, చివర యాక్ పంపబోయి కనెక్షన్ లేదన్న ఎర్రర్ చూస్తుంది. లాగ్‌లో పని ముగిసిన వెంటనే ఈ ఎర్రర్, ఆపైన అదే పేమెంట్ నంబరు రెండోసారి కనిపిస్తే కారణం ఇదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. పనిని వేరే త్రెడ్‌కు అప్పగించి, కనెక్షన్ ఉన్న త్రెడ్‌ను ఖాళీగా ఉంచడం దీనికి మందు.

వెనక్కి వచ్చేవి ఎన్ని అన్నది ప్రీఫెచ్ మీద, అంటే యాక్ రాకముందే ఒక కన్స్యూమర్‌కు ఎన్ని మెసేజ్‌లు ఇవ్వవచ్చన్నదాని మీద ఆధారపడుతుంది. ప్రీఫెచ్ పరిమితి పెట్టకపోతే బ్రోకర్ చేతనైనన్ని మెసేజ్‌లను ఒకే కన్స్యూమర్ మీద కుమ్మరిస్తుంది. 50 పెడితే, మొదటి మెసేజ్ దగ్గర పడిపోయిన కన్స్యూమర్ నుంచి ముట్టుకోని 49 కూడా `redelivered` గుర్తుతోనే తిరిగొస్తాయి. కాబట్టి ఆ గుర్తు ఉందంటే పని సగం జరిగిందని కాదు, జరిగి ఉండవచ్చని మాత్రమే. పని బరువైనదైతే ప్రీఫెచ్‌ను 1కో, అటూ ఇటూగానో ఉంచడం మంచిది.

ప్రతిసారీ కన్స్యూమర్‌ను పడగొట్టే మెసేజ్ ఒకటి ఉందనుకోండి. విద్యార్థి పేరు గడిలో కోడ్ ఊహించనిది ఏదో ఉంది, పీడీఎఫ్ లైబ్రరీ కూలిపోతుంది. క్లాసిక్ క్యూలో ఆ మెసేజ్ అంతులేకుండా తిరుగుతూ వచ్చిన కన్స్యూమర్‌నల్లా పడగొడుతుంది. మెసేజ్‌లను అనేక సర్వర్లలో నకళ్లుగా ఉంచే క్వోరమ్ క్యూలో ఎన్నిసార్లు ఇవ్వాలన్నదానికి పరిమితి ఉంది, 4.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా అది 20. ఆ పరిమితి దాటిన మెసేజ్, ముగియని మెసేజ్‌లను పక్కకు మళ్లించే డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్‌కు వెళ్తుంది. అది మీరు పెట్టుకుని ఉంటేనే. లేకపోతే బ్రోకర్ మెసేజ్‌ను వదిలేస్తుంది. క్వోరమ్ క్యూ తీసుకున్న రోజునే డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ కూడా పెట్టడం తప్పనిసరి అంటాను.

## ఎస్‌క్యూఎస్: గడియారమే ఆధారం

అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లో కన్స్యూమర్‌తో నిలిచి ఉండే కనెక్షన్ లేదు. మెసేజ్ తీసుకున్న క్షణం నుంచి ఒక టైమర్ మొదలవుతుంది, దాని పేరు `VisibilityTimeout`. ఆ సమయమంతా మెసేజ్ ఇతరులకు కనిపించదు. ఆలోపు దాన్ని డిలీట్ చేస్తే పని ముగిసినట్టు, లేకపోతే మళ్లీ కనిపిస్తుంది. డిఫాల్ట్ 30 సెకన్లు, గరిష్ఠం 12 గంటలు. కన్స్యూమర్ బతికి ఉందా, పోయిందా, ఇరుక్కుందా అన్నది ఎస్‌క్యూఎస్‌కు ఎప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించదు కూడా.

అందువల్ల టైమర్ విలువలోనే మొత్తం కష్టం ఉంది. 15 నిమిషాలు పెడితే, మొదటి సెకనులోనే పడిపోయిన కన్స్యూమర్ దగ్గరి రసీదు 15 నిమిషాలు ఎవరికీ కనిపించకుండా ఉండిపోతుంది. 30 సెకన్లు పెడితే, 40 సెకన్ల పనిని ఏ క్రాష్ లేకుండానే ఇద్దరు కన్స్యూమర్లు ఒకేసారి చేస్తుంటారు. రెండోది చాలా టీముల కళ్లకు ఆలస్యంగా కనిపించే తప్పు. ఒక లెక్క చూడండి. ఒక్క పిలుపుతో 10 మెసేజ్‌లు తీసుకుని, ఒక్కొక్కదానికి 8 సెకన్ల చొప్పున వరుసగా చేస్తున్నామనుకుందాం. పదింటికీ టైమర్ ఒకేసారి మొదలైంది. మూడోది 24వ సెకనుకు ముగుస్తుంది, నాలుగోది నడుస్తుండగా 30వ సెకను దాటుతుంది. నాలుగోదాని నుంచి మిగిలిన ఏడూ మరో కన్స్యూమర్‌కు కనిపించడం మొదలవుతుంది.

ఇలా టైమర్ తీరిపోయి మరొకరు తీసుకున్న మెసేజ్‌ను మొదటి కన్స్యూమర్, తాను తీసుకున్నప్పుడు ఎస్‌క్యూఎస్ ఇచ్చిన పాత `ReceiptHandle`తో డిలీట్ చేయబోతే, ప్రామాణిక క్యూలో ఆ పిలుపు విజయవంతమైనట్టే జవాబు రావచ్చు, మెసేజ్ మాత్రం డిలీట్ కాకపోవచ్చు. ఎర్రర్ లాగ్ శుభ్రంగా ఉండి, ఎస్సెమ్మెస్‌లు రెండేసి వెళ్తున్నాయంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. పని ఎంతసేపు పడుతుందో కచ్చితంగా చెప్పలేని చోట టైమర్‌ను చిన్నదిగా పెట్టి, పని సాగుతున్నంతసేపూ `ChangeMessageVisibility` పిలుస్తూ గడువు పొడిగించుకోవడం సరైన పద్ధతి. కన్స్యూమర్ పడిపోతే పొడిగింపూ ఆగిపోతుంది, మెసేజ్ త్వరగా బయటికి వస్తుంది.

పదేపదే పడగొట్టే మెసేజ్‌కు ఇక్కడ ఏర్పాటు సులభం. `maxReceiveCount` 5 అని పెట్టి ఒక డెడ్ లెటర్ క్యూను జతచేస్తే, ఐదుసార్లు తీసుకున్నా డిలీట్ కాని మెసేజ్ అక్కడికి మారుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. మెసేజ్‌ను ఉంచే గడువు డిఫాల్ట్‌గా 4 రోజులు, గరిష్ఠం 14 రోజులు. ప్రామాణిక క్యూలో ఆ గడువును మెసేజ్ మొదట వచ్చిన సమయం నుంచే లెక్కిస్తారు, డెడ్ లెటర్ క్యూలోకి మారిన సమయం నుంచి కాదు. మూడు రోజులు అసలు క్యూలో నలిగి వచ్చిన మెసేజ్‌కు, గడువు మార్చని డెడ్ లెటర్ క్యూలో ఒక్కరోజే మిగులుతుంది. అక్కడ గడువును 14 రోజులు చేసి ఉంచుకోవాలి.

## కాఫ్కా: వెనక్కి వచ్చేది మెసేజ్ కాదు, స్థానం

కాఫ్కాను క్యూల పక్కన పెట్టి పోల్చడం మామూలే గాని, లోపలి ఏర్పాటు వేరు. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయిన కాఫ్కాలో మెసేజ్‌లు ఒక లాగ్‌లో వరుసగా చేరుతాయి. చదివినంత మాత్రాన ఏదీ తొలగదు, డిఫాల్ట్‌గా 7 రోజులు ఉంటుంది. టాపిక్ అన్న పేరుతో ఉండే ఈ లాగ్ పార్టిషన్‌లన్న ముక్కలుగా ఉంటుంది, ఒక్కో పార్టిషన్‌లో ‘ఇక్కడిదాకా అయింది’ అన్న ఒక అంకెను కన్స్యూమర్ గ్రూప్ కమిట్ చేస్తుంది, అదే ఆఫ్‌సెట్. ఒక్కో మెసేజ్‌కు విడిగా యాక్ ఉండదు.

కన్స్యూమర్ ఒకసారి పోల్ చేసి 500 రికార్డులు తెచ్చుకుంది, 312 పూర్తిచేసింది, ఆఫ్‌సెట్ కమిట్ చేయకముందే పడిపోయింది. దాని పార్టిషన్‌ను తీసుకున్న మరో కన్స్యూమర్ చివరి కమిట్ నుంచి మొదలుపెడుతుంది కాబట్టి ఆ 312 మళ్లీ నడుస్తాయి. మామూలు కన్స్యూమర్ గ్రూప్‌లో పడిపోయిందని తేలడానికి డిఫాల్ట్ `session.timeout.ms` 3.0 వెర్షన్ నుంచి 45 సెకన్లు, అంతవరకు ఆ పార్టిషన్ పని ఆగి ఉంటుంది. పడకుండా ఇరుక్కుపోయిన కన్స్యూమర్‌కు `max.poll.interval.ms` హద్దు, 5 నిమిషాలు. ఒక్కో రసీదుకు ఒక సెకను చొప్పున 500 రికార్డులు చేస్తే 8 నిమిషాలు దాటుతుంది. అంటే ఏ తప్పూ చేయని కన్స్యూమర్ కూడా గ్రూప్‌లోంచి బయటపడుతుంది, దాని రికార్డులు మళ్లీ మొదటికి వస్తాయి. అలాంటప్పుడు `max.poll.records` తగ్గించాలి.

పోల్ చేసిన రికార్డులను వేరే త్రెడ్‌లకు పంచి, ఆటో కమిట్‌ను అలాగే వదిలేసిన కోడ్ ఇంతకంటే ప్రమాదకరం. తర్వాతి పోల్ సమయానికి ఆ రికార్డులు ఇంకా త్రెడ్‌ల చేతిలోనే ఉన్నా ఆఫ్‌సెట్ కమిట్ అయిపోతుంది. ఆ దశలో క్రాష్ అయితే అవి ఎవరికీ తిరిగి రావు. లాగ్‌లో ఇంకా ఉంటాయి, కానీ గ్రూప్ వాటిని దాటేసింది.

పడగొట్టే మెసేజ్ ఇక్కడ పార్టిషన్‌నంతా ఆపేస్తుంది, ఎందుకంటే దాన్ని దాటకుండా ముందుకు పోలేము. ఈ స్థితిని కళ్లారా చూడవచ్చు:

```
kafka-consumer-groups.sh --bootstrap-server localhost:9092 \
  --describe --group receipts
```

`LAG` అంటే గ్రూప్ ఇంకా దాటాల్సిన రికార్డుల లెక్క. మిగతా పార్టిషన్‌లలో అది తగ్గుతూ, ఒక్కదానిలో మాత్రం `CURRENT-OFFSET` కదలకుండా `LAG` పెరుగుతుంటే ఆ అంకె దగ్గరున్న రికార్డే కారణం. కన్స్యూమర్ కోడే దాన్ని పట్టుకుని వేరే టాపిక్‌లో వేసి ముందుకు సాగాలి, మామూలు కన్స్యూమర్ గ్రూప్‌కు బ్రోకర్ ఆ పని చేసిపెట్టదు. దీనికి బదులుగా కాఫ్కా ఇచ్చేది పై రెండింటిలో లేదు. రెండు రోజులుగా రసీదులపై పన్ను తప్పుగా పడుతోందని ఈరోజు తెలిస్తే, కోడ్ సరిచేసి ఆఫ్‌సెట్‌ను రెండు రోజుల వెనక్కి జరిపి అన్నీ తిరిగి నడిపించవచ్చు. రాబిట్‌ఎంక్యూ మామూలు క్యూలలోనూ ఎస్‌క్యూఎస్‌లోనూ ముగిసిన మెసేజ్ ఇక లేదు.

## పోస్ట్‌గ్రెస్ టేబులే క్యూ అయినప్పుడు

రోజుకు కొన్ని వేల రసీదులే ఉన్న పోర్టల్‌కు విడిగా బ్రోకర్ అక్కరలేకపోవచ్చు. 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి `SKIP LOCKED` ఉంది కాబట్టి, టేబుల్‌లోని వరుసలను అనేక వర్కర్లు ఒకరికొకరు అడ్డురాకుండా పంచుకోవచ్చు:

```sql
BEGIN;
SELECT id, payment_id FROM receipt_jobs
 WHERE done_at IS NULL
 ORDER BY id LIMIT 1
 FOR UPDATE SKIP LOCKED;
-- పని ఇక్కడ
UPDATE receipt_jobs SET done_at = now() WHERE id = 9137;
COMMIT;
```

వర్కర్ మధ్యలో పడిపోతే కనెక్షన్ తెగుతుంది, ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది, వరుస మీది లాక్ పోతుంది, మరో వర్కర్ దాన్ని తీసుకుంటుంది. రసీదు నమోదు కూడా ఇదే డేటాబేస్‌లో, ఇదే ట్రాన్సాక్షన్‌లో జరిగితే పనీ యాక్ రెండూ కలిసే నిలుస్తాయి లేదా కలిసే రద్దవుతాయి. ఆ ఒక్క భాగానికి రెండుసార్లు అన్న మాటే రాదు. పోర్టల్ పేమెంట్‌ను, ఈ వరుసను ఒకే కమిట్‌లో రాయగలదు కాబట్టి మొదట చెప్పిన ఔట్‌బాక్స్ సందు కూడా మూసుకుపోతుంది.

పరిమితులు రెండు. వర్కర్ మెషీన్ కబురు లేకుండా మాయమైతే, డేటాబేస్ దాన్ని టీసీపీ కీప్‌అలైవ్ ద్వారానే కనిపెట్టాలి. లినక్స్ డిఫాల్ట్‌లో మొదటి పరీక్షకే 2 గంటలు ఆగుతుంది, అంతసేపూ లాక్ అలాగే ఉంటుంది. `tcp_keepalives_idle` తగ్గించుకోవాలి. రెండోది, ఎన్నిసార్లు ప్రయత్నించామన్న లెక్కను అదే ట్రాన్సాక్షన్‌లో పెంచితే క్రాష్‌తో ఆ లెక్క కూడా రోల్‌బ్యాక్ అయి ఎప్పటికీ సున్నా దగ్గరే ఉంటుంది. ముందు ఒక చిన్న ట్రాన్సాక్షన్‌లో లెక్క పెంచి కమిట్ చేశాకే పని మొదలుపెట్టాలి. నిమిషాల తరబడి సాగే పనులను ఇలా తెరిచి ఉంచిన ట్రాన్సాక్షన్‌లో నడపడం, పాత వరుసలను శుభ్రం చేసే వాక్యూమ్‌కు అడ్డుపడుతుంది కాబట్టి ఈ మార్గం చిన్న పనులకే.

## రెండోసారి వచ్చిన మెసేజ్‌ను ఎలా ఎదుర్కోవాలి

ఏది ఎంచుకున్నా `P-20417` ఒకనాడు రెండోసారి వస్తుంది. రసీదు టేబుల్‌లో `payment_id` మీద యూనిక్ నిబంధన పెట్టి ఇలా రాస్తాం:

```sql
INSERT INTO receipts (payment_id, amount)
VALUES ('P-20417', 42500)
ON CONFLICT (payment_id) DO NOTHING;
```

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఏ వరుసా చేరలేదని చూసి, ‘ఇది ఇంతకుముందే అయిపోయింది’ అనుకుని యాక్ పంపి వెళ్లిపోయే కోడ్ రాస్తారు. మొదటిసారి కన్స్యూమర్ పడింది పీడీఎఫ్ దగ్గర అయితే, రసీదు వరుస ఉంది, పీడీఎఫ్ లేదు, ఎస్సెమ్మెస్ వెళ్లలేదు. రెండోసారి వచ్చిన మెసేజ్ ఆ మిగిలిన పనులను చేయకుండానే యాక్ అయిపోతుంది. బ్రోకర్ మెసేజ్‌ను నమ్మకంగా తిరిగి ఇచ్చినా మన కోడే దాన్ని పోగొట్టింది. కాబట్టి వరుస ఉన్నా లేకున్నా తర్వాతి మెట్టుకు వెళ్లాలి, ప్రతి మెట్టూ తన సంగతి తానే చూసుకోవాలి. పీడీఎఫ్‌ను పేమెంట్ నంబరే ఫైలు పేరుగా భద్రపరిస్తే రెండోసారి రాసినా అదే ఫైలు మీద పడుతుంది. ఎస్సెమ్మెస్‌కు `sms_sent_at` అన్న గడి పెట్టి చూడవచ్చు గాని, పంపడానికీ ఆ గడి రాయడానికీ మధ్య పడిపోతే రెండో ఎస్సెమ్మెస్ వెళ్తుంది. రసీదు కబురుకు అది పెద్ద హాని కాదు. కన్స్యూమర్ చేసేది డబ్బు తిరిగి చెల్లించడమైతే మాత్రం ఒకే అభ్యర్థన రెండుసార్లు వెళ్లినా ఒక్కసారే అమలయ్యేలా పేమెంట్ గేట్‌వే అంగీకరించే ఐడెంపోటెన్సీ కీని తప్పక వాడాలి, ఆ కీ పేమెంట్ నంబరు నుంచే రావాలి, ప్రతి ప్రయత్నానికీ కొత్తగా పుట్టకూడదు.

ఇంకొక చిన్న సంగతి. రసీదు నంబరును పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ నుంచి తీస్తుంటే, `DO NOTHING` అయిన ప్రతిసారీ ఒక నంబరు ఖర్చైపోతుంది. వరుస నంబర్లలో ఖాళీలు ఎందుకున్నాయని ఆడిటర్ అడిగే చోట, నంబరు కేటాయింపును విడిగా, వరుస లేదని తేలాకే చేయాలి.

## ఏది ఎప్పుడు

పని చిన్నది, ఫలితం చాలావరకు ఒకే పోస్ట్‌గ్రెస్‌లోకి వెళ్తుంది, సంఖ్య రోజుకు వేలల్లోనే ఉందంటే టేబుల్‌తోనే మొదలుపెట్టండి. పైన చెప్పిన ఫీజు పోర్టల్‌కు నేనిచ్చే సలహా ఇదే, పీడీఎఫ్ పని కొన్ని సెకన్లు దాటనంతవరకు.

పనుల నిడివి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండి, కొన్ని రెండు సెకన్లకూ కొన్ని ఇరవై నిమిషాలకూ ముగుస్తూ, క్రాష్ అయిన పని వెంటనే మరొకరి చేతికి రావాలంటే రాబిట్‌ఎంక్యూ క్వోరమ్ క్యూ తీసుకోండి. దాన్ని నడిపేందుకు, అప్‌గ్రేడ్ చేసేందుకు మీ దగ్గర ఒక మనిషి ఉండాలన్న షరతు మీద. అలాంటి మనిషి లేకుండా, అప్లికేషన్ అప్పటికే అమెజాన్ క్లౌడ్‌లో ఉంటే ఎస్‌క్యూఎస్ మేలు. కానీ మీ పనికి పట్టే గరిష్ఠ సమయాన్ని కొలిచి చూశాకే టైమర్ పెట్టండి, సగటు సమయాన్ని చూసి కాదు. ఒకే పేమెంట్ కబురును రసీదుల కోడూ, అకౌంట్స్ కోడూ, నివేదికల కోడూ ఎవరికి వారు చదవాలి, ఒక విద్యార్థికి సంబంధించినవి వరుస తప్పకూడదు, అవసరమైతే వెనక్కి వెళ్లి చదవాలి అంటే అది కాఫ్కా పని. విడివిడి పనుల జాబితాగా వాడుకోవడానికి మాత్రం కాఫ్కాను తెచ్చుకోవద్దనే చెబుతాను. నెమ్మదైన ఒక్క పని వెనక పార్టిషన్‌లోని మిగతావన్నీ ఆగిపోతాయి. 2025లో వచ్చిన 4.0 వెర్షన్‌లో మెసేజ్‌కు విడిగా యాక్ ఇచ్చే షేర్ గ్రూప్‌లు ముందస్తు రూపంలో మొదలయ్యాయి గాని, అందులో అవి ప్రొడక్షన్‌కు ఉద్దేశించినవి కావు.

నిర్ణయం ఖాయం చేసేముందు మీ అసలు కన్స్యూమర్ కోడ్‌తో ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్ మెట్టు తర్వాత 20 సెకన్ల నిద్ర పెట్టి, ఒక మెసేజ్ పంపి, ఆ నిద్రలో ఉండగా కన్స్యూమర్‌ను `kill -9` చేయండి. ఇంకొక టెర్మినల్‌లో రాబిట్‌ఎంక్యూ అయితే ఇది నడపండి:

```
rabbitmqctl list_queues name messages_ready messages_unacknowledged
```

చంపకముందు చివరి గడిలో 1 కనిపించాలి, చంపాక అది `messages_ready` గడిలోకి మారాలి. ఎస్‌క్యూఎస్‌లో అదే మార్పు `ApproximateNumberOfMessagesNotVisible` నుంచి టైమర్ తీరాక జరగాలి, కాఫ్కాలో `LAG` తగ్గకుండా ఉండాలి. ఆపైన కన్స్యూమర్‌ను మళ్లీ లేపి, రసీదు వరుస ఒక్కటే ఉందా, పీడీఎఫ్ ఉందా, ఎస్సెమ్మెస్ వెళ్లిందా అని మూడూ చూడండి. అదే పరీక్షను ప్రాసెస్‌ను చంపకుండా నెట్‌వర్క్‌ను మాత్రమే తెంచి మరోసారి చేయండి. మెసేజ్ తిరిగి రావడానికి పట్టిన సమయం ఈసారి ఎంత పెరిగిందో రాసిపెట్టుకోండి, మీ రసీదు అంత ఆలస్యాన్ని ఓర్చుకోగలదా లేదా అన్నది ఆ అంకెతో తేలిపోతుంది.